త్రిఫల చూర్ణం కడుపులో ఏం చేస్తుంది?



మందులు తీసుకోవడానికి వచ్చినవారు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "సిస్టరమ్మా, రాత్రిపూట త్రిఫల పొడి వేసుకుంటున్నాం. ఈ మాత్రలతో పాటు దాన్ని కూడా వాడవచ్చా?" అడిగినవారందరూ దాన్ని ఒకే కారణానికి వాడరు. విరేచనం సాఫీగా కావాలని ఒకరు వాడతారు. మలం పలుచగా పోతుంటే ఆగాలని మరొకరు వాడతారు. ఒకే పొడి కదిలిస్తుందని కొందరు, బిగిస్తుందని కొందరు చెబుతారు. ఈ రెండు మాటల్లోనూ నిజముంది. అది ఎలా సాధ్యమో తెలుసుకుంటే ఆ పొడిని ఎంత వాడాలో, ఎప్పుడు ఆపాలో, ఏ మాత్రతో కలిపి వేసుకోకూడదో కూడా తెలుస్తుంది. అందుకే ఈ నెల పాఠంగా దీన్ని తీసుకున్నాం.

మూడు కాయలు

త్రిఫలం అంటే మూడు కాయలు: కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఈ మూడు చెట్లూ మనకు దగ్గరలోని నల్లమల అడవిలో పెరుగుతాయి. ఇటు ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలోను, అటు ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు కొండల్లోను ఇవి ఉన్నాయి. అడవిలో నివసించే చెంచులు తరతరాలుగా ఇటువంటి కాయలను, తేనెను, జిగురును ఏరి అమ్ముకుంటున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి దగ్గర అటవీ ఫలసాయాన్ని కొంటుంది.

ఎండిన కరక్కాయ పొడవుగా, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. దాని మీద నిలువుగా ఐదు గట్లు కనిపిస్తాయి. తానికాయ గుండ్రంగా, బూడిద రంగులో, పైన మెత్తటి నూగుతో ఉంటుంది. ఉసిరి మనం పచ్చడి పెట్టుకునే కాయే. దాన్ని గింజ తీసి ముక్కలుగా ఎండబెట్టి అమ్ముతారు. ఈ మూడింటిలోను మందుకు పనికివచ్చేది గింజ చుట్టూ ఉన్న కండ మాత్రమే. గింజలను తీసివేయాలి. ముఖ్యంగా తానికాయ గింజలోని పప్పు మత్తు కలిగిస్తుందని పూర్వం నుండి వైద్యులు హెచ్చరిస్తూ వచ్చారు.

వగరు అంటే ఏమిటి?

కరక్కాయ ముక్కను పంటి కింద పెడితే నోరు వెంటనే ఆరిపోయినట్లు, నాలుక బిగుసుకున్నట్లు అనిపిస్తుంది. దానినే మనం వగరు అంటాం. ఈ వగరుకు కారణమైన పదార్థాలను టానిన్లు అంటారు. మూడు కాయల్లోనూ టానిన్లు ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువగా ఉండేది కరక్కాయలో. ఎండిన కరక్కాయ కండ బరువులో సుమారు మూడో వంతు వరకు టానిన్లే ఉండవచ్చు.

టానిన్ చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, అది మాంసకృత్తులను పట్టుకుని బిగిస్తుంది. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే మాంసకృత్తులు ఉన్నాయి. టానిన్ వాటిని పట్టుకుని ముద్ద చేసేస్తుంది గనుక నోరు గరుకుగా తోస్తుంది. తోలు ఊనేవారు కరక్కాయను వాడటానికి కారణం కూడా ఇదే. పచ్చి చర్మంలోని మాంసకృత్తులను టానిన్ పట్టుకుని బిగిస్తే ఆ చర్మం కుళ్లకుండా తోలుగా మారుతుంది.

కడుపులో కూడా ఇదే పని చాలా చిన్న మోతాదులో జరుగుతుంది. ప్రేగు లోపలి పొర వాచి, నీరు ఎక్కువగా ఊరుతున్నప్పుడు టానిన్ ఆ పొర పైభాగాన్ని కొద్దిగా బిగిస్తుంది. నీరు ఊరడం తగ్గుతుంది. అజీర్తి విరేచనాలకు మన పెద్దలు దానిమ్మ తొక్క కషాయం ఇచ్చేవారు. దానిమ్మ తొక్కలోనూ టానిన్లే ఉన్నాయి. పాలు కలపని చిక్కటి టీ తాగితే కొందరికి మలం గట్టిపడటం కూడా ఇందువల్లనే.

అయితే నీళ్ల విరేచనాలు అవుతున్నప్పుడు మొదట ఇవ్వవలసింది ఓ.ఆర్.ఎస్. ద్రావణం. శరీరం నుండి పోయిన నీటిని, ఉప్పును టానిన్ తిరిగి ఇవ్వలేదు. పైగా త్రిఫలంలో కదిలించే గుణం కూడా ఉంది గనుక విరేచనాలు అవుతున్నవారికి అది తగిన మందు కాదు.

గ్యాలిక్ ఆమ్లం ఎక్కడ నుండి వస్తుంది?

త్రిఫలంలోని టానిన్లు పెద్ద కణాలు. మధ్యలో ఒక చక్కెర ముక్క, దాని చుట్టూ అతుక్కుని గ్యాలిక్ ఆమ్లం, దానికి బంధువులైన మరికొన్ని ఆమ్లాలు ఉంటాయని ఊహించుకోండి. ఒక మేకు చుట్టూ తాళపుచెవులు వేలాడినట్లన్నమాట. నీరు, వేడి, కడుపులోని ఆమ్లం, ప్రేగుల్లోని సూక్ష్మజీవులు తగిలినప్పుడు ఈ అతుకులు ఒక్కొక్కటిగా విడిపోతాయి. అప్పుడు గ్యాలిక్ ఆమ్లం బయటకు వస్తుంది. ఎండిన కాయలో ముందే విడిపోయి ఉన్న గ్యాలిక్ ఆమ్లం కూడా కొంత ఉంటుంది.

ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. పెద్ద టానిన్ కణం ప్రేగు గోడను దాటి రక్తంలోకి వెళ్లలేదు. అది ప్రేగుల్లోనే ఉండి అక్కడే పనిచేస్తుంది. గ్యాలిక్ ఆమ్లం చిన్నది. అందులో కొంత రక్తంలోకి వెళుతుంది, మిగిలింది పెద్ద ప్రేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమై ఇంకా చిన్న పదార్థాలుగా మారుతుంది. కణం చిన్నదయ్యే కొద్దీ మాంసకృత్తులను పట్టి బిగించే శక్తి తగ్గిపోతుంది. అంటే చిన్న ప్రేగు నుండి పెద్ద ప్రేగు వైపు వెళ్లే కొద్దీ త్రిఫలం బిగింపు తగ్గుతుంది.

గ్యాలిక్ ఆమ్లం వాపును తగ్గిస్తుందని, కణాలకు జరిగే నష్టాన్ని ఆపుతుందని ప్రయోగశాలల్లో చేసిన పరీక్షల్లో కనిపించింది. డబ్బాల మీద "సర్వరోగ నివారిణి" అన్నట్లు రాసేది ఈ పరీక్షలను చూపించే. గాజు గొట్టంలో జరిగింది మనిషి కడుపులో అంతే బలంగా జరుగుతుందని చెప్పలేం. మరొక సంగతి. గ్యాలిక్ ఆమ్లం విరేచనకారి కాదు. మలాన్ని కదిలించేది వేరే ఉంది.

మరి కదిలించేది ఏది?

సునాముఖి ఆకు విరేచనం చేస్తుందని మీకు తెలుసు. అందులోని మందు పదార్థం చిన్న ప్రేగులో అరగదు. అలాగే పెద్ద ప్రేగు దాకా వెళ్లి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల విడిపోయి, ప్రేగు కండరాన్ని కదిలిస్తుంది. మలంలో నీరు నిలిచేలా కూడా చేస్తుంది. కరక్కాయలో కూడా ఇదే జాతికి చెందిన పదార్థాలు కొద్దిగా ఉన్నాయని పరిశోధకులు రాశారు. అవి కొద్దిగానే ఉండటం వల్ల, పైన టానిన్ల బిగింపు కూడా ఉండటం వల్ల త్రిఫలం సునాముఖి అంత గట్టిగా పనిచేయదు. దానితో పాటు తాగే గ్లాసు గోరువెచ్చని నీరు, పొడిలోని అరగని పీచు కూడా మలాన్ని మెత్తబరచడానికి తోడ్పడతాయి.

కదిలించే పదార్థం పెద్ద ప్రేగు చేరి పనిచేయడానికి సుమారు 6 నుండి 12 గంటలు పడుతుంది. అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు వేసుకుంటే ఉదయం నిద్ర లేచేసరికి పని జరుగుతుంది. వేసుకున్న గంటలోనే కడుపు కదలలేదని ఇంకో చెంచా వేసుకునేవారు ఉదయం కడుపునొప్పితో బాధపడతారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. పై ప్రేగులో వగరు బిగిస్తుంది, కింది ప్రేగులో కదిలించే పదార్థం కదిలిస్తుంది. ఏది పైచేయి అవుతుందన్నది మోతాదు మీద, తయారుచేసిన విధానం మీద ఆధారపడి ఉంటుంది. తక్కువ మోతాదులో వగరు గుణమే ఎక్కువగా తెలుస్తుంది. మోతాదు పెరిగితే కదలిక తెలుస్తుంది. ఇంకా పెరిగితే నొప్పి, నీళ్ల విరేచనం వస్తాయి.

ఈ తేడాను మన పూర్వులు గమనించారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రాసిన భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథంలో కరక్కాయ గురించి ఒక వివరం ఉంది. నమిలి తింటే అది ఆకలిని పెంచుతుందని, నూరి తీసుకుంటే మలాన్ని వెడలిస్తుందని, ఉడికించి తీసుకుంటే మలాన్ని బంధిస్తుందని అందులో చెప్పారు. కాయ ఒక్కటే, పద్ధతి మారితే ఫలితం తిరగబడుతుంది. ఎక్కువసేపు మరిగిస్తే విరేచనం చేసే పదార్థాలు కొంత చెడిపోయి, టానిన్లు మిగలడం ఇటువంటి ఇతర మందు మొక్కల్లో తేలిన సంగతి. కరక్కాయ విషయంలోనూ కారణం ఇదే కావచ్చు. కాబట్టి మలబద్ధకానికి వాడేవారు పొడిని గోరువెచ్చని నీటితో తీసుకోవాలి గాని, అరగంట మరగబెట్టిన కషాయంగా తీసుకుంటే అనుకున్న ఫలితం రాకపోవచ్చు.

ఇంట్లో పొడి చేసుకునే విధానం

ఎక్కువమంది పాటించే లెక్క మూడు కాయల కండనూ సమానమైన తూకంలో తీసుకోవడం. ఉదాహరణకు గింజ తీసిన కరక్కాయ పెచ్చులు 100 గ్రాములు, తానికాయ పెచ్చులు 100 గ్రాములు, ఎండు ఉసిరి ముక్కలు 100 గ్రాములు. గింజతో సహా తూచితే లెక్క తప్పుతుంది. కరక్కాయ బరువులో గింజ వాటా చాలా ఉంటుంది. తూకం లేనివారు ఒక కరక్కాయ, రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు అని పెద్దలు చెప్పిన లెక్క పాటిస్తారు.

కాయలను కొనేటప్పుడు పగలగొట్టి లోపల చూడండి. మంచి కరక్కాయ చేతికి బరువుగా ఉండి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. తేలికగా ఉండి తేలేది పురుగు తిన్నది గాని, బాగా పాతది గాని కావచ్చు. పగుళ్లలో తెల్లటి, ఆకుపచ్చటి బూజు ఉంటే పక్కన పెట్టండి. బూజును ఎండలో పెట్టి దులిపేస్తే పోయినట్లు కనబడుతుంది గాని అది వదిలిన విషం కాయలోనే ఉంటుంది.

పెచ్చులను రెండు రోజులు ఎండబెట్టి, రోట్లో దంచి, పలుచని గుడ్డలో జల్లించాలి. పలుకులు మిగిలితే మళ్లీ దంచాలి. పొడిని తడి లేని గాజు సీసాలో మూత గట్టిగా పెట్టి ఉంచండి. తడి చెంచా పెట్టవద్దు. పొడి గడ్డకట్టినా, ముక్క వాసన వచ్చినా పారవేయండి. రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే చేసుకోవడం మంచిది. ఇనుప పాత్రలో మాత్రం దీన్ని నానబెట్టకూడదు. ఎందుకో కింద చెబుతాం.

ఎంత, ఎన్ని రోజులు?

పెద్దవారికి ఆయుర్వేద వైద్యులు సాధారణంగా చెప్పే మోతాదు రోజుకు 3 నుండి 6 గ్రాములు. అంచు వరకు చదును చేసిన చిన్న చెంచా సుమారు 3 గ్రాములు తూగుతుంది. గోపురంలా తీసిన చెంచా దాదాపు రెండింతలు ఉంటుంది. ఎక్కువైపోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. "ఒక్క చెంచానే" అంటారు గాని, ఆ ఒక్క చెంచా 6 గ్రాములు కావచ్చు.

మొదటి మూడు రాత్రులు చదును చెంచాడు చాలు. భోజనం అయిన గంటన్నర తరువాత, ఒక గ్లాసు గోరువెచ్చని నీటితో తీసుకోండి. ఉదయం మలం మెత్తగా, నొప్పి లేకుండా వస్తే ఆ మోతాదు సరిపోయినట్లే. కదలిక లేకపోతే నాలుగో రాత్రి నుండి ఒకటిన్నర చెంచాడు తీసుకోవచ్చు. రెండు చెంచాలు దాటవద్దు. కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చినా, మలం నీళ్లగా పోయినా మోతాదు ఎక్కువైందని అర్థం. ఆ రోజుకు ఆపివేయండి. రెండు వారాలు వాడినా మార్పు లేకపోతే పొడి పెంచడం కాదు, కారణం వెతకడం అవసరం.

ఇనుము మాత్రతో వచ్చే చిక్కు

ఈ పాఠంలో మేము అందరికంటే ఎక్కువగా ఆడవారికి చెప్పాలనుకున్న మాట ఇది. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రలు చాలామందికి మలబద్ధకం చేస్తాయి. మలబద్ధకం పోవాలని వారు త్రిఫలం మొదలుపెడతారు. రెండూ గుర్తుంటాయని రాత్రి ఒకేసారి మింగుతారు. అప్పుడు టానిన్ ఆ ఇనుమును పట్టుకుంటుంది. పట్టుకున్న ఇనుము రక్తంలోకి వెళ్లలేదు, మలంలో పోతుంది.

టానిన్ ఇనుమును ఎంత గట్టిగా పట్టుకుంటుందో శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూస్తే తెలుస్తుంది. వారు బట్టను మొదట కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసిమి అనే ద్రవం చేస్తారు. ఆ ద్రవంలో ముంచిన కలంతో బట్ట మీద గీత గీస్తే అది నల్లగా మారి ఉతికినా పోదు. బట్టలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసినందువల్ల వచ్చిన నలుపు అది. ఉసిరికాయలను ఇనుప మూకుడులో వండితే నల్లబడటం కూడా అంతే. మీరు ఇంట్లోనే చూడవచ్చు. అర గ్లాసు నీళ్లలో చిటికెడు త్రిఫల పొడి కలిపి, తేరిన తరువాత పొడి చేసిన ఇనుము మాత్ర కొద్దిగా వేయండి. కాసేపటికి నీరు నల్ల సిరా రంగుకు తిరుగుతుంది. చూశాక దాన్ని పారబోయండి, తాగవద్దు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నందికొట్కూరు దగ్గర పల్లెలో పొలం పనికి వెళ్లే 42 ఏళ్ల తల్లి ఉందనుకోండి. ఆమెకు హిమోగ్లోబిన్ 8.5 ఉంది. డాక్టరు ఇనుము మాత్రలు రాశారు. వారం రోజుల్లో మలబద్ధకం పట్టుకుంది. నాలుగు రోజులకు ఒకసారి, ముక్కితే గాని మలం రావడం లేదు. పక్కింటి వదిన చెప్పిన మాట మీద రాత్రి భోజనం కాగానే ఇనుము మాత్ర, దాని వెంటనే గోపురం చెంచాడు త్రిఫలం, ఆ తరువాత టీ తాగడం మొదలుపెట్టింది. కడుపు కదిలింది గనుక ఆమెకు సంతోషమే. నెల తరువాత రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.6. మాత్ర పనిచేయలేదని ఆమె మానేస్తుంది.

మాత్ర పనిచేయకపోవడం కాదు, దాన్ని పనిచేయనివ్వలేదు. భోజనంలోని జొన్న, రాగి వంటి ధాన్యాలు కొంత ఇనుమును పట్టుకుంటాయి. టీలోని టానిన్ ఇంకొంత పట్టుకుంటుంది. త్రిఫలంలోని టానిన్ అన్నింటికంటే ఎక్కువగా పట్టుకుంటుంది. ఆమె చేయవలసిన మార్పు చిన్నది. ఇనుము మాత్రను ఉదయం పనికి వెళ్లేముందు, తిండికి గంట ముందు నిమ్మరసం పిండిన నీటితో వేసుకోవాలి. కడుపులో మంట పుడితే డాక్టరుకు చెప్పి సమయం మార్చుకోవాలి. టీ గంటన్నర రెండు గంటల తరువాత తాగాలి. త్రిఫలాన్ని రాత్రి తొమ్మిదిన్నరకు చదును చెంచాడు మాత్రమే తీసుకోవాలి. ఉదయం మాత్రకు, రాత్రి పొడికి మధ్య పగలంతా ఎడం ఉంటుంది గనుక ఒకదానికొకటి అడ్డురావు.

ఇలా నెల రోజులు క్రమంగా వాడితే హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. అంటే 8.5 ఉన్నది 9.5 దగ్గరకు రావాలి. అలా రాకపోతే మాత్రలు మానడం కాదు, రక్తం ఎక్కడ పోతోందో చూడాలి. నెలసరి ఎక్కువగా అవుతోందా, ముక్కి ముక్కి మొలలు వచ్చి రక్తం పడుతోందా, కడుపులో కొంకిపురుగులు ఉన్నాయా అని డాక్టరు పరీక్షిస్తారు. ఇనుము మాత్ర వేసుకునేవారికి మలం నల్లగా రావడం సహజమే. కాని అది తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే వెంటనే చూపించుకోవాలి.

ఎవరు వాడకూడదు?

గర్భిణీ స్త్రీలు త్రిఫలం వాడవద్దు. వారికి మలబద్ధకం ఉంటే నీరు, ఆకుకూరలు, పీచు ఉన్న ఆహారం, అవసరమైతే డాక్టరు రాసిన మందు సరిపోతుంది. పాలిచ్చే తల్లులు, పిల్లలకు ఇవ్వాలనుకునేవారు ముందు డాక్టరును అడగాలి.

చక్కెర వ్యాధికి మందులు వాడేవారిలో చక్కెర మరికొంత తగ్గే అవకాశం ఉంది. రక్తం పలుచబడటానికి మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గుండెకు డిజాక్సిన్ గాని, నీరు పోవడానికి మాత్రలు గాని వాడేవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. రోజూ నీళ్లగా విరేచనాలు చేసుకుంటే శరీరంలో పొటాషియం తగ్గి, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది. "ఇది ఆకు మందే కదా" అని మందుల చీటీ రాసేటప్పుడు చెప్పకుండా ఉండవద్దు. మేము చీటీ చూస్తూ "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగేది ఇందుకే.

కొన్ని సందర్భాల్లో పొడితో ఇంట్లో కాలయాపన చేయకూడదు. కడుపు ఉబ్బి, వాంతులై, మలమే కాక గాలి కూడా పోకపోతే అది ప్రేగు మూసుకుపోయిన గుర్తు కావచ్చు. అప్పుడు ఏ విరేచనకారీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, 50 ఏళ్లు దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా పరీక్ష చేయించుకోవాలి.

చివరిగా, మలబద్ధకం ఎందుకు వస్తోందో కూడా చూసుకోండి. మన ప్రాంతంలో ఎండాకాలం పొలంలో చెమట పోయినంత నీరు చాలామంది తాగరు. ఒకప్పుడు జొన్నరొట్టె, కొర్రన్నం తిన్న ఇళ్లలో ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే ఉంటోంది. నొప్పి మాత్రల్లో కొన్ని కూడా మలాన్ని బిగిస్తాయి. నీరు, పీచు సరిపోకుండా త్రిఫలం ఒక్కటే వేసుకుంటే దాని వగరే ముందు తెలుస్తుంది.

పాఠం చదివాక ఇంట్లో అడిగి చూసుకోండి

1. త్రిఫలాన్ని రాత్రి వేసుకోమనడం ఎందుకు? కదిలించే పదార్థం పెద్ద ప్రేగు చేరి పనిచేయడానికి 6 నుండి 12 గంటలు పడుతుంది గనుక.

2. మలాన్ని కదిలించేది గ్యాలిక్ ఆమ్లమా? కాదు. అది టానిన్ విడిపోగా వచ్చినది. కదిలించేది కరక్కాయలో కొద్దిగా ఉన్న వేరే పదార్థాలు.

3. ఒక చెంచా అంటే ఎంత? అంచు వరకు చదును చేసినది, సుమారు 3 గ్రాములు.

4. ఇనుము మాత్ర, త్రిఫలం కలిపి వేసుకుంటే ఏమవుతుంది? టానిన్ ఇనుమును పట్టుకుంటుంది, రక్తం పెరగదు. మాత్ర ఉదయం, పొడి రాత్రి.

మీ ఇంట్లో త్రిఫలం సీసా ఉంటే, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు దాన్ని, మీరు వాడే చెంచాను, మందుల చీటీని తెచ్చి చూపించండి. మోతాదు, వేళ సరిగా ఉన్నాయో లేదో మా నర్సులు చూసి చెబుతారు.